గోల్‌ని పరుగులా కాదు, వికెట్‌లా చూడండి

అందరికీ నమస్కారం. ఇక్కడున్నవాళ్లలో క్రికెట్ చూడనివాళ్లు ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి. ఒక్కరూ లేరు. మంచిది. ఫుట్‌బాల్ మ్యాచ్ మొదటి విజిల్ నుంచి చివరి విజిల్ దాకా పూర్తిగా చూసినవాళ్లు? నాలుగైదు చేతులు కనిపిస్తున్నాయి. మిగతా అందరి కోసమే నేను మాట్లాడతాను. ఆ నలుగురైదుగురు కూడా కాస్త ఓపిక పట్టండి, మీకూ పనికొచ్చేది ఉంటుంది.

క్రికెట్ అభిమాని ఫుట్‌బాల్ గురించి అడిగే మొదటి ప్రశ్న నాకు తెలుసు. "తొంభై నిమిషాలు ఆడితే ఒక గోలా? ఒక్కోసారి అదీ ఉండదా? మరి చూడ్డానికేముంది?" ఇది న్యాయమైన ప్రశ్న. 2022 ప్రపంచ కప్ తీసుకోండి. 64 మ్యాచ్‌లు జరిగాయి, మొత్తం 172 గోల్స్ పడ్డాయి. అంటే మ్యాచ్‌కి మూడు కూడా లేవు. మూడొందల పరుగులకి అలవాటుపడిన కంటికి అది ఖాళీగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు.

కానీ ఇక్కడే మనం ఒక పొరపాటు చేస్తున్నాం. గోల్‌ని పరుగుతో పోలుస్తున్నాం. గోల్‌ని పరుగుతో పోల్చకండి. వికెట్‌తో పోల్చండి.

2001 మార్చి 14 గుర్తుందా? కొంతమంది తలలూపుతున్నారు. ఈడెన్ గార్డెన్స్, నాలుగో రోజు. లక్ష్మణ్, ద్రావిడ్ రోజంతా ఆడారు. ఆస్ట్రేలియాకి ఆ రోజు ఒక్క వికెట్ దొరకలేదు. ఉదయం నుంచి సాయంత్రం దాకా ఒక్కటంటే ఒక్కటి లేదు. ఆ రోజు ఏమీ జరగలేదని ఎవరైనా అంటారా? అనరు. ఎందుకంటే పరుగులు లెక్కలోకి వచ్చాయి, బోర్డు మీద కనిపించాయి. ఇప్పుడు ఇలా ఊహించుకోండి. ఆ రోజు స్కోరు బోర్డు మీద పరుగులు వేయడం మానేశారు, వికెట్లు మాత్రమే వేస్తున్నారు. బోర్డు మీద రోజంతా సున్నా. మైదానంలో జరిగింది మాత్రం అదే ఆట, అదే ఒత్తిడి, అదే అలసట.

ఫుట్‌బాల్ స్కోరు బోర్డు అలాంటిది. అక్కడ వికెట్లు మాత్రమే వేస్తారు. పరుగులు ఉన్నాయి, వాటిని ఎవరూ బోర్డు మీద రాయరు, అంతే. ప్రత్యర్థిని వెనక్కి నెట్టడం, అతని వెనక ఖాళీ తెరవడం, బంతి పోగానే నాలుగు సెకన్లలో తిరిగి లాక్కోవడం. ఇవన్నీ పరుగులే. వాటిని మీ కన్నే లెక్కపెట్టుకోవాలి.

ఇలా చూడటం మొదలుపెడితే ఆటగాళ్ల పాత్రలు కూడా తారుమారవుతాయి. స్ట్రైకర్ అంటే గోల్స్ కొట్టేవాడు కాబట్టి బ్యాట్స్‌మన్ లాంటివాడని అనుకుంటాం. కాదు. ఆలోచించండి, బ్యాట్స్‌మన్ బతుకు ఎలా ఉంటుంది? ఒక్క తప్పు చేస్తే అయిపోయింది, పెవిలియన్‌కి నడవాలి. బౌలర్ బతుకు ఎలా ఉంటుంది? తొమ్మిది బంతులు వృథా అయినా పదో బంతికి వికెట్ తీస్తే హీరో. స్ట్రైకర్ బతుకు బౌలర్ బతుకు. ఫుట్‌బాల్‌లో కొట్టే షాట్లలో దాదాపు పదింట ఒకటే గోల్ అవుతుంది. తొమ్మిది పోయినా ఎవరూ అతన్ని బయటికి పంపరు. పదోసారి కూడా అదే ధైర్యంతో కొట్టగలగాలి.

మరి బ్యాట్స్‌మన్ లాంటివాడు ఎవరు? గోల్‌కీపర్! పేరు వినగానే వికెట్‌కీపర్ గుర్తొస్తాడు, చేతులకి గ్లవ్స్ కూడా ఉంటాయి. కానీ వికెట్‌కీపర్ ఒక క్యాచ్ వదిలేస్తే మరో అవకాశం రావచ్చు, ఆట సాగుతుంది. గోల్‌కీపర్‌ది బ్యాట్స్‌మన్ పరిస్థితి. ఎనభై నిమిషాలు బ్రహ్మాండంగా ఆడి, ఒక్క బంతిని తప్పుగా అంచనా వేస్తే అది వెంటనే బోర్డు మీదికి ఎక్కుతుంది. దాన్ని వెనక్కి తీసుకోలేడు.

ఇంకొక్క పాత్ర చెప్పి ముందుకెళ్తాను. డిఫెండర్ల ముందు నిలబడే మిడ్‌ఫీల్డర్ ఒకడుంటాడు. హైలైట్స్‌లో కనిపించడు. వన్డేలో మధ్య ఓవర్లు వేసే స్పిన్నర్ ఉంటాడు చూడండి, పది ఓవర్లు వేసి ముప్ఫై అయిదు పరుగులిచ్చి, వికెట్ లేకుండా ముగిస్తాడు. అతని వల్ల అవతలి ఎండ్‌లో వికెట్ పడుతుంది. మీరు క్రికెట్ బాగా చూసేవాళ్లయితే ఆ స్పిన్నర్ విలువ మీకు తెలుసు. ఈ మిడ్‌ఫీల్డర్ కూడా అంతే. అతను నిలబడి ఉన్నందువల్ల ప్రత్యర్థి ఒక పాస్ ఇవ్వడమే మానుకుంటాడు. ఆ ఇవ్వని పాస్ ఏ లెక్కలోనూ రాదు.

సరే, పాత్రల సంగతి అది. ఇప్పుడు మీ దగ్గర ఉన్న అసలు ఆస్తి గురించి చెప్తాను. మీకు ఫీల్డ్ సెట్టింగ్ చూడటం వచ్చు. బౌలర్ పరుగెత్తే ముందు మీ కన్ను ఎటు వెళ్తుంది? స్లిప్‌లో ఎంతమంది, పాయింట్ ఎంత లోతుగా ఉన్నాడు, మిడ్‌వికెట్ ఖాళీగా ఉందా అని చూస్తారు. కెప్టెన్ ఒక చోట గ్యాప్ కావాలనే వదిలాడా, లేక ఆ గ్యాప్ తప్పనిసరై మిగిలిందా అన్నది కూడా పసిగడతారు. ఫుట్‌బాల్ చూడటానికి కావాల్సింది సరిగ్గా ఆ కన్నే. తేడా ఒక్కటే. క్రికెట్‌లో బంతికీ బంతికీ మధ్య ఫీల్డ్ సర్దుతారు. ఫుట్‌బాల్‌లో బంతి కదులుతుండగానే పదిమందీ ఫీల్డ్ సర్దుకుంటూనే ఉంటారు, తొంభై నిమిషాలూ. ఒక ఆటగాడి కాళ్ల దగ్గర బంతి ఉండేది మ్యాచ్ మొత్తంలో రెండు మూడు నిమిషాలే. మిగతా సమయమంతా అతను ఏం చేస్తున్నాడు? గ్యాప్ మూస్తున్నాడు, లేదా గ్యాప్ తెరుస్తున్నాడు.

ఆఫ్‌సైడ్ కూడా ఇందులో భాగమే. అందరూ భయపడే నియమం అది, నిజానికి సులువు. అవతలి సగంలో ఉన్న మీ ఆటగాడికి పాస్ ఇచ్చే క్షణంలో, అతను బంతి కంటే ముందుగానూ, ప్రత్యర్థి జట్టులో చివరి నుంచి రెండోవాడి కంటే ముందుగానూ ఉండకూడదు. చివరివాడు మామూలుగా గోల్‌కీపరే కాబట్టి, లెక్కకి వచ్చేది చివరి డిఫెండర్. అంటే డిఫెండర్లు తమ వెనక ఒక గీత గీసుకుని, దాన్ని ముందుకీ వెనక్కీ జరుపుతున్నారన్నమాట. బౌండరీ రోప్‌ని ఫీల్డర్లే ఆట మధ్యలో జరపగలిగితే ఎలా ఉంటుంది? అలా. గీత ముందుకి జరిపితే ప్రత్యర్థికి చోటు తగ్గుతుంది, కానీ వెనక ఖాళీ పెరుగుతుంది. వెనక్కి జరిపితే వెనక ఖాళీ తగ్గుతుంది, కానీ ముందు ప్రత్యర్థికి సింగిల్స్ ఉచితం. రెండూ ఒకేసారి కుదరవు.

ఇదంతా ఒక మ్యాచ్‌లో పెట్టి చూద్దాం. 2022 డిసెంబర్ 18, ఖతార్‌లో లుసైల్ స్టేడియం. అర్జెంటీనా, ఫ్రాన్స్ ఫైనల్. చాలామందికి మెస్సీ కప్పు పట్టుకున్న ఫొటో గుర్తుంటుంది. మనం ఫొటో సంగతి వదిలేసి ఫీల్డ్ సెట్టింగ్ చూద్దాం.

అర్జెంటీనా కోచ్ స్కలోనీ ఆ రోజు డి మరియాని ఎడమ వైపు పెట్టాడు. ఎందుకు? ఫ్రాన్స్ కుడి వైపు డిఫెండర్ కుందే. అతను మధ్యలో ఆడటానికి ఎక్కువ అలవాటుపడినవాడు. అతని ముందున్న డెంబెలే దాడిలో గొప్పవాడు, వెనక్కొచ్చి కాపాడటం అతని బలం కాదు. అంటే ఒకే వైపు ఇద్దరు. ఒక బ్యాట్స్‌మన్ లోపలికొచ్చే బంతికి తడబడతాడని తెలిస్తే కెప్టెన్ కొత్త బంతి ఎవరి చేతికిస్తాడో మీకు చెప్పక్కర్లేదు. ఇదీ అదే ఆలోచన. ఇరవై నిమిషాలు దాటాయో లేదో, డి మరియా డెంబెలేని దాటి లోపలికొచ్చాడు, డెంబెలే ఫౌల్ చేశాడు, పెనాల్టీ. 23వ నిమిషంలో మెస్సీ గోల్. పేరు మెస్సీది. కానీ ఆ వికెట్ ఎక్కడ పడింది? మ్యాచ్ మొదలవకముందు, జట్టు కాగితం మీద.

ఇప్పుడు 36వ నిమిషం. ఇది నాకు చాలా ఇష్టమైన గోల్, కాస్త నెమ్మదిగా చెప్తాను. ఫ్రాన్స్ బంతి పోగొట్టుకుంది. అప్పటికి బంతి అర్జెంటీనా సగంలోనే ఉంది. మెక్ ఆలిస్టర్ దాన్ని మెస్సీకి ఇచ్చాడు. మెస్సీ ఒక్క తాకుడుతో అల్వారెజ్‌కి పంపాడు. అల్వారెజ్ దాన్ని ముందున్న ఖాళీలోకి తోశాడు. ఆ ఖాళీలోకి ఎవరు వచ్చారు? ఇందాక పాస్ ఇచ్చిన మెక్ ఆలిస్టరే. పాస్ ఇచ్చి నిలబడలేదు, పరుగెత్తుతూనే ఉన్నాడు. అతను బంతిని అడ్డంగా వేశాడు, ఎడమ వైపు నుంచి వచ్చిన డి మరియా గోల్‌లోకి కొట్టాడు.

టీవీలో మీ కన్ను బంతి వెంట వెళ్తుంది, అందరిదీ అంతే. బంతి మెస్సీ దగ్గర ఉన్నప్పుడు మీరు మెస్సీనే చూస్తారు. ఫ్రాన్స్ డిఫెండర్లూ అదే చేశారు. ఆ గోల్‌కి అసలు కారణం బంతి లేని మనిషి పరుగు. క్రికెట్‌లో నాన్‌స్ట్రైకర్ ఎంత ముందుకొచ్చి సిద్ధంగా ఉన్నాడో చూస్తేనే, లేని చోట రెండో పరుగు ఎలా వచ్చిందో తెలుస్తుంది కదా? రీప్లేలో ఆ మెక్ ఆలిస్టర్‌ని ఒక్కణ్నే చూడండి. బంతిని చూడొద్దు. గోల్ పూర్తిగా వేరేగా కనిపిస్తుంది.

ఫ్రాన్స్ కోచ్ డెషాంప్ ఏం చేశాడు? ఇంటర్వెల్ దాకా కూడా ఆగలేదు. 41వ నిమిషంలోనే డెంబెలేని, జిరూని బయటికి పిలిచి, తురామ్‌ని, కోలో మువానీని పంపాడు. ప్రపంచ కప్ ఫైనల్‌లో, మొదటి సగంలోనే, దెబ్బలేమీ తగలకుండానే ఇద్దరి మార్పు. ఇక్కడ క్రికెట్‌కీ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. క్రికెట్‌లో బౌలర్‌ని ఒక స్పెల్ తర్వాత ఆపి, మళ్లీ సాయంత్రం తీసుకురావచ్చు. ఫుట్‌బాల్‌లో బయటికెళ్లినవాడు మళ్లీ రాడు. మార్చగలిగేది అయిదుగురిని, ఎక్స్‌ట్రా టైమ్ వస్తే ఇంకొకరిని. కాబట్టి ప్రతి మార్పూ డిక్లరేషన్ లాంటి నిర్ణయం. తొందరపడితే ఇబ్బంది, ఆలస్యమైనా ఇబ్బంది.

ఆ మొదటి సగంలో ఫ్రాన్స్ గోల్ వైపు ఒక్క షాట్ కూడా కొట్టలేదు. ఒక్కటి కూడా! చూస్తున్నవాళ్లందరూ మ్యాచ్ అయిపోయిందనుకున్నారు. 64వ నిమిషంలో అర్జెంటీనా డి మరియాని తీసేసి అకున్యాని పంపింది. అకున్యా ప్రధానంగా కాపాడేవాడు. ఉన్న ఆధిక్యాన్ని కాపాడుకుందాం అని. తప్పని నేను అనను, చాలా జట్లు చేసే పనే. కానీ దాని ధర ఏమిటో చూడండి. ఫీల్డ్ వెనక్కి జరిగింది. స్లిప్స్ తీసేసి అందరినీ బౌండరీ దగ్గరికి పంపితే ఏమవుతుంది? సింగిల్స్ వస్తాయి. క్రికెట్‌లో సింగిల్‌కి ఒక్క పరుగే పోతుంది, కెప్టెన్ లెక్క వేసుకుని ఒప్పుకుంటాడు. ఫుట్‌బాల్‌లో ఆ సింగిల్స్‌లో ఏదో ఒకటి వికెట్ కావచ్చు, ఏదన్నది ముందు తెలియదు. పైగా డి మరియా ఉన్నంతసేపూ ఫ్రాన్స్ కుడి వైపు వాళ్లు ముందుకెళ్లడానికి జంకారు. అతను వెళ్లగానే ఆ భయం పోయింది.

71వ నిమిషంలో ఫ్రాన్స్ గ్రీజ్‌మన్‌ని కూడా తీసేసి కోమాన్, కామవింగాలని దించింది. కొత్త కాళ్లు, వేగం. 80వ నిమిషంలో కోలో మువానీ అర్జెంటీనా డిఫెండర్ ఒటామెండీని దాటబోయాడు, ఫౌల్, పెనాల్టీ, ఎంబాపె గోల్. 2-1. మళ్లీ ఆట మొదలైంది. కోమాన్ నేరుగా మెస్సీ కాళ్ల నుంచే బంతి లాక్కున్నాడు. రాబియో ముందుకి పంపాడు, ఎంబాపె తలతో తురామ్‌కి ఇచ్చాడు, తురామ్ తిరిగి గాల్లోకి లేపాడు, బంతి కింద పడకముందే ఎంబాపె కొట్టాడు. 2-2. రెండు గోల్స్‌కీ మధ్య 97 సెకన్లు.

ఎలా సాధ్యం? 80 నిమిషాల దాకా ఏమీ లేదు, ఒకటిన్నర నిమిషంలో రెండు! క్రికెట్ చూసేవాళ్లు దీన్ని వింతగా అనుకోనక్కర్లేదు. వికెట్లు గుంపుగానే పడతాయి కదా? నూట యాభై పరుగుల పార్ట్‌నర్‌షిప్ విరిగితే, వెంటనే ఇంకో వికెట్ పడటం మనం ఎన్నిసార్లు చూడలేదు? కొత్త బ్యాట్స్‌మన్ కుదురుకోలేదు, ఉన్నవాడి ఏకాగ్రత చెదిరింది, బౌలర్‌కి ఊపొచ్చింది. ఇక్కడా సరిగ్గా అదే. గోల్ పడ్డాక అర్జెంటీనా జట్టు సగం వెనక్కి జరగాలా, సగం ముందుకెళ్లాలా తేల్చుకోలేదు. మధ్యలో ఖాళీ వచ్చింది.

కానీ ఒక విషయంలో క్రికెట్ పోలిక ఇక్కడ ఆగిపోతుంది. అది గమనించాలి. క్రికెట్‌లో వికెట్ పడ్డాక కొత్తవాడు గార్డ్ తీసుకుంటాడు, గ్లవ్స్ సర్దుకుంటాడు, నాన్‌స్ట్రైకర్ వచ్చి రెండు మాటలు చెప్తాడు. ఓవర్ ముగిస్తే ఇంకో నిమిషం. కుదురుకోవడానికి ఆటే సమయం ఇస్తుంది. ఫుట్‌బాల్ ఇవ్వదు. పైగా బ్యాటింగ్, బౌలింగ్ అని వంతులు లేవు. కోమాన్ బంతి లాక్కునే క్షణం దాకా దాడి చేస్తున్నది అర్జెంటీనా. తర్వాతి క్షణంలో కాపాడుకోవాల్సింది అర్జెంటీనా. ఫీల్డ్ అప్పటికి దాడి కోసం పరుచుకుని ఉంది. అందుకే చాలా గోల్స్ బంతి చేతులు మారిన పది, పదిహేను సెకన్లలో పడతాయి. ఇందాక డి మరియా కొట్టిందీ అలాంటిదే కదా, గుర్తుందా? ఫ్రాన్స్ బంతి పోగొట్టుకున్నప్పుడు మొదలైంది.

మిగతాది మీకు తెలుసు, త్వరగా చెప్పేస్తాను. ఎక్స్‌ట్రా టైమ్‌లో 108వ నిమిషంలో మెస్సీ, 118లో పెనాల్టీతో మళ్లీ ఎంబాపె. 3-3. అదనపు సమయం కూడా అయిపోయి, మధ్యలో ఆట ఆగినందుకు కలిపిన మూడో నిమిషంలో కోలో మువానీ ఒంటరిగా గోల్ ముందుకొచ్చాడు. గోల్‌కీపర్ ఎమిలియానో మార్టినెజ్ ఎడమ కాలు చాచి ఆపాడు. అప్పుడు అర్జెంటీనా గీత ఎక్కడుందో చూడండి. గెలుపు కోసం ముందుకెళ్లి ఉన్నారు, కొనాటే వెనక నుంచి కొట్టిన పొడుగాటి బంతి వాళ్ల తలల మీదుగా వెళ్లింది. ఆ తర్వాతి క్షణాల్లోనే అవతలి వైపు లౌటారో మార్టినెజ్ తలతో కొట్టిన బంతి పక్కకి పోయింది. చివరికి పెనాల్టీ షూటౌట్‌లో 4-2తో అర్జెంటీనా గెలిచింది.

మరి బాగా ఆడింది ఎవరు? క్రికెట్‌లో ఈ ప్రశ్నకి స్కోరు కార్డే దాదాపు జవాబిస్తుంది. మూడొందల బంతులకి మూడొందల ఫలితాలు వస్తాయి కాబట్టి అదృష్టం చాలావరకు సర్దుకుంటుంది. ఫుట్‌బాల్‌లో రెండు మూడు ఘటనలే తేలుస్తాయి కాబట్టి ఒక్క మ్యాచ్‌లో మంచి జట్టు ఓడిపోవడం మామూలే. అందుకే ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ లాంటివి 38 మ్యాచ్‌లు ఆడిస్తాయి, ప్రతి జట్టుతోనూ రెండుసార్లు. గెలిస్తే 3 పాయింట్లు, డ్రా అయితే 1. డ్రా అంటే మొహం చిట్లించకండి. చివరి రోజు ఆఖరి జోడీ నలభై నిమిషాలు నిలబడి టెస్ట్ కాపాడితే మీరు లేచి నిలబడి చప్పట్లు కొట్టలేదా?

ఒక హెచ్చరిక కూడా. స్క్రీన్ మీద బంతి ఎవరి దగ్గర ఎంత శాతం ఉందో చూపిస్తారు. దాన్ని పరుగులనుకోవద్దు. 2015-16లో లెస్టర్ సిటీ ఆ లీగ్ గెలిచింది, 38లో ఓడింది మూడే మ్యాచ్‌లు. బంతి తమ దగ్గర ఉంచుకోవడంలో మాత్రం ఆ జట్టు లీగ్‌లో అడుగు వరుసలో ఉంది. బంతి ప్రత్యర్థికి వదిలేసి, వాళ్లు ముందుకొచ్చాక వాళ్ల వెనక ఖాళీలోకి తమ స్ట్రైకర్ వార్డీని పరుగెత్తించేవాళ్లు. అరవై ఓవర్లు ఆడి నూట ఇరవై కొట్టినవాళ్లు ఆధిపత్యం చేశారని మీరనరు కదా. శాతం కూడా అంతే.

మీరు చూడబోయే తర్వాతి మ్యాచ్‌లో ఒక పని చేయండి. మొదటి పది నిమిషాలు ఒక జట్టు డిఫెండర్ల గీతకీ, వాళ్ల మిడ్‌ఫీల్డర్లకీ మధ్య ఎంత దూరం ఉందో చూసిపెట్టుకోండి. బంతి సంగతి వదిలేయండి, ఆ దూరమే చూడండి. 65, 70వ నిమిషంలో కాళ్లు బరువెక్కాక అదే చోట మళ్లీ చూడండి. దూరం పెరిగిందా, ప్రత్యర్థి ఆటగాడొకడు ఆ మధ్యలో నిలబడి గోల్ వైపు మొహం పెట్టే బంతి అందుకుంటున్నాడా? అయితే ఆ జట్టు ఫీల్డ్ చెదిరింది. స్కోరు ఇంకా 0-0 అనే ఉంటుంది. మీరు మాత్రం కోచ్ ఎవరిని మారుస్తాడా అని బెంచ్ వైపు చూడటం మొదలుపెడతారు.